90 పర్సంటైల్ వెనక ఉన్న లెక్క

"90 పర్సంటైల్ అంటే పేపర్‌లో 90 శాతం కరెక్ట్‌గా రాసినట్టే. ఏప్రిల్‌లో ఇంకో 9 పెంచుకుంటే 99 వచ్చేస్తుంది. కొన్ని షిఫ్ట్‌ల వాళ్ళకి తక్కువ మార్కులకే అదే పర్సంటైల్ ఇస్తున్నారు, అది మోసం. ఏదేమైనా పదిమందిలో మొదటివాళ్ళు మీరే, ఎన్ఐటీ సీటు ఖాయం."

జనవరి జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన మర్నాడు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో ఈ మెసేజ్ మూడుసార్లు తిరిగింది. నా దగ్గర సాయంత్రాలు లెక్కలు నేర్చుకునే, కర్ణాటకలో సెకండ్ పీయూ అనే పన్నెండో తరగతి చదువుతున్న అమ్మాయికి అనంతపురం నుంచి వాళ్ళ తాతయ్య కూడా పంపించారు. ఆమెకి వచ్చింది 90.24. ఇంట్లో స్వీట్లు పంచారు. స్కోర్ కార్డ్ మీద పర్సంటైల్ తప్ప మార్కులు ఉండవు కాబట్టి, తన రెస్పాన్స్ షీట్, ఫైనల్ ఆన్సర్ కీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ప్రశ్నా సరిచూసుకుంది. 300కి 104 తేలింది. "సర్, స్కోర్ కార్డ్ తప్పా, నా కూడిక తప్పా?" అంటూ టెన్షన్‌గా వచ్చింది.

రెండూ సరైనవే. ఆమెకి అది నమ్మకం కుదరాలని, అంతకు ముందు వారం మా పిల్లలకి పెట్టిన టెస్ట్ మార్కుల కాగితం తీసి ముందు పెట్టాను. 20 మంది, 60 మార్కుల పేపర్. తక్కువ నుంచి ఎక్కువకి రాస్తే ఇలా ఉంది:

9, 12, 15, 17, 18, 20, 21, 22, 23, 23, 24, 25, 25, 26, 27, 28, 30, 33, 44, 56

ఇందులో 33 వచ్చిన పిల్లని చూడండి. 33 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చినవాళ్ళు, తనతో కలిపి, 18 మంది. 18ని 20తో భాగించి 100తో గుణిస్తే 90. అదే ఆమె పర్సంటైల్. మార్కుల శాతం చూస్తే 60కి 33, అంటే 55. మొదటి అంకె చెప్పేది ఎంతమందిని దాటింది లేక సమానంగా నిలిచింది అని, రెండోది చెప్పేది పేపర్‌లో ఎంత రాసింది అని. జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ చేసే లెక్క కూడా సరిగ్గా ఇదే, కాకపోతే అక్కడ 20 మంది బదులు ఒక షిఫ్ట్‌లో పరీక్ష రాసినవాళ్ళందరూ ఉంటారు. 56 వచ్చిన అబ్బాయికి 4 మార్కులు పోయినా పర్సంటైల్ 100. అందుకే 100 పర్సంటైల్ అన్నంత మాత్రాన 300కి 300 వచ్చాయని అనుకోకూడదు.

కొన్ని పరీక్షల్లో సమానంగా వచ్చినవాళ్ళని లెక్కలోకి తీసుకోరు, తక్కువ వచ్చినవాళ్ళనే లెక్కపెడతారు. అప్పుడు ఇదే పిల్లకి 17 మందే, అంటే 85. వేలమంది రాసేచోట ఈ తేడా ఉండీ లేనట్టే.

ఇక ఏప్రిల్‌లో రెండోసారి రాసి తొమ్మిది పెంచుకోవడం సంగతి. పిల్లల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ మాటే. అదే కాగితం మీద 21 మార్కులున్న పిల్లాడు ఏడోవాడు, పర్సంటైల్ 35. వాడికి ఇంకో 5 మార్కులు కలిసి 26 ఉంటే పద్నాలుగోవాడితో సమానం, అంటే 70 దగ్గర. అయిదే మార్కులకి అంత పైకి వెళ్ళిపోతాడు. ఎందుకంటే 20 నుంచి 28 మధ్య పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డట్టు కిక్కిరిసి ఉన్నారు, ఒక్క మార్కు పెరిగినా ఒకరో ఇద్దరో వెనక్కి పోతారు. పైకి వెళ్ళేకొద్దీ జనం పలచబడతారు. 33 వచ్చిన పిల్ల తర్వాతి మనిషిని అందుకోవాలంటే 11 మార్కులు కావాలి. అన్నీ తెచ్చుకున్నా పర్సంటైల్ పెరిగేది 5.

కాబట్టి పర్సంటైల్‌లో తొమ్మిదికి మార్కుల్లో ఇంత అని ఒకే ధర లేదు. 50 నుంచి 59కి వెళ్ళడానికి కొద్ది మార్కులు చాలు. 90 నుంచి 99కి వెళ్ళాలంటే ముందున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందిని దాటాలి, వాళ్ళేమో దూరదూరంగా నిలబడి ఉన్నారు. 'ఇంకో మూడు ప్రశ్నలు పెడితే సరిపోతుందిలే' అని ఫిబ్రవరి, మార్చి గడిపేసిన పిల్లల్ని నేను చూశాను. ఏప్రిల్‌లో ఆ మూడు ప్రశ్నలూ పెట్టారు, పర్సంటైల్ మాత్రం రెండో మూడో పెరిగి ఆగింది. వాళ్ళు చదవక కాదు, లక్ష్యం ఎంత దూరమో వాళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పక.

జేఈఈ మెయిన్‌లో ఒక్కో షిఫ్ట్‌కి ఒక్కో పేపర్ వస్తుంది. ఈ షిఫ్ట్‌ల విషయంలో నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే పిల్లలకి అన్యాయం జరగకుండా పెట్టిన ఏర్పాటునే అన్యాయం అంటున్నారు. నా టెస్ట్ ఇంకా కఠినంగా ఉండి, అందరికీ తలా ఏడు మార్కులు తగ్గాయనుకోండి. 33 కాస్తా 26 అవుతుంది. అయినా ఆ పిల్ల పద్దెనిమిదో స్థానంలోనే ఉంటుంది, పర్సంటైల్ 90 అలాగే ఉంటుంది. పేపర్ కష్టం వల్ల పోయిన మార్కులు ఆమెని వెనక్కి నెట్టలేదు. నేరుగా మార్కులే పోల్చి ఉంటే, సులువు పేపర్ పడినవాళ్ళు ఊరికే ముందుకి వెళ్ళిపోయేవాళ్ళు.

దీనికీ ఒక హద్దు ఉంది. ఒక్కో షిఫ్ట్‌లోనూ బాగా చదివేవాళ్ళు, మామూలువాళ్ళు దాదాపు ఒకే పాళ్ళలో ఉన్నారని ఈ పద్ధతి నమ్ముతుంది. నా 20 మందిని రెండు బ్యాచ్‌లు చేస్తే, 44, 56 వచ్చిన ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో పడొచ్చు. అప్పుడు రెండో బ్యాచ్‌లో 33కే 100 పర్సంటైల్ వచ్చేస్తుంది. ఒక్కో షిఫ్ట్‌లో వేలకి వేలమంది ఉన్నప్పుడు అంత తేడా రావడం కష్టం.

చివరిది సీటు. 2024లో రెండు సెషన్లూ కలిపి 14 లక్షల 15 వేలమంది దాకా రాశారు. అందులో పదో వంతు అంటే 1 లక్షా 41 వేలు. 90 పర్సంటైల్ దగ్గర ర్యాంక్ సుమారుగా అక్కడ మొదలవుతుంది. నిజానికి ఇంకాస్త వెనక్కే ఉంటుంది, ఎందుకంటే రెండుసార్లు రాసినవాళ్ళ స్కోర్లలో మెరుగైనదే ర్యాంక్‌కి తీసుకుంటారు. జనవరిలో ఆమె వెనక ఉన్నవాళ్ళలో కొందరు ఏప్రిల్‌లో 90 దాటేస్తారు. అదే ఏడాది జనరల్ కేటగిరీకి, ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ కటాఫ్ 93.2362181. 2023లో అది 90.7788642. ఈ అమ్మాయిది జనరల్ కేటగిరీ కాబట్టి, ఆ రెండేళ్ళలో ఏ ఏడాదైనా 90.24తో అడ్వాన్స్‌డ్ రాసే అర్హతే వచ్చేది కాదు. 2024లో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్‌కి కటాఫ్ 79.6757881, అందువల్ల ఒకే పర్సంటైల్ అందరి చేతిలోనూ ఒకే విలువ చేయదు.

బెంగళూరులో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో ఇంకో పొరపాటు చూస్తుంటాను. ఎన్ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకి ఉంటాయి, కానీ ఆ రాష్ట్రాన్ని సొంతూరు చూసి నిర్ణయించరు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో చూస్తారు. ఇక్కడ సెకండ్ పీయూ పాసైన పిల్లకి హోమ్ స్టేట్ కోటా వర్తించేది కర్ణాటక ఎన్ఐటీ ఉన్న సూరత్‌కల్‌లో. వరంగల్‌లో, తాడేపల్లిగూడెంలో ఆమె బయటి రాష్ట్రం అభ్యర్థే. ఇక కర్ణాటక కాలేజీల కోసం రాసే కేసెట్ ర్యాంక్‌ అంటారా, దాన్ని పీయూ మార్కులు, కేసెట్ మార్కులు కలిపి వేస్తారు, జేఈఈ పర్సంటైల్‌కి అందులో చోటు లేదు.

ఆ అమ్మాయి నా టెస్ట్ కాగితాన్ని ఫోటో తీసుకుంది. 33 చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన "18/20" అని రాసి తాతయ్యకి పంపింది. కాసేపటికి ఆయన ఫోన్ చేశారు. "అయితే అమ్మా, వరంగల్ మాట వదిలేసి సూరత్‌కల్‌కి ఎంత కావాలో ముందు చూడు" అన్నారు.