డబ్బు పోయింది, సీసా పడలేదు

"వెండింగ్ యంత్రం దగ్గర స్కాన్ చేస్తే డబ్బు పోయింది, నీళ్ల సీసా పడలేదు. మళ్లీ కట్టాలా?"

వద్దండి, కట్టకండి. యంత్రం తెరపై వచ్చే కోడ్ ఆ ఒక్క కొనుగోలు కోసమే తయారవుతుంది. డబ్బు అందిందన్న కబురు మీ ఫోను నుంచి కాదు, బ్యాంకు నుంచి సర్వర్ మీదుగా యంత్రంలోని సిమ్‌కు చేరాలి. పోయిన వేసవిలో కడపలో, మెట్ల కింద పెట్టిన ఒక యంత్రం దగ్గర నాకూ ఇదే జరిగింది. 20 రూపాయలు పోయాయి, లోపలి స్ప్రింగు కదలలేదు, తెర మళ్లీ మొదటికి వచ్చింది. ఆ మూల సిగ్నల్ అందక గడువు దాటిపోయింది. ఫోనులో కనిపించే 12 అంకెల యూపీఐ లావాదేవీ సంఖ్యను యంత్రంపై రాసిన నంబరుకు పంపాను, మూడో రోజు డబ్బు తిరిగి వచ్చింది. కోడ్ తెరపై కాకుండా స్టిక్కరుగా అంటించి ఉంటే మాత్రం, కట్టేముందు ఫోనులో వచ్చే పేరు తప్పక చూడండి. దానిపై ఎవరైనా మరొకటి అంటించగలరు.