మెయిన్ డోర్ బందులు: 4 × 40 = 160 లెక్క ఎక్కడ తప్పుతుంది

"మెయిన్ డోర్ ఎంత బరువున్నా భయం లేదు. బాల్ బేరింగ్ హింజ్ ఒక్కోటి 40 కిలోలు మోస్తుంది, 4 వేస్తే 160 కిలోలు. బేరింగ్ ఉంటే చాలు, సైజు 4 అంగుళాలైనా 5 అంగుళాలైనా ఒకటే. ప్లెయిన్ హింజ్‌లు వేస్తే ఏడాది తిరిగేసరికి తలుపు కుంగడం ఖాయం. అందరికీ షేర్ చేయండి."

ఇదీ షేర్ అవుతున్న సందేశం. అందులోని హింజ్‌ల, అంటే బందుల సంగతి మాట్లాడే ముందు తలుపును తూకం వేద్దాం. 2100 మి.మీ. ఎత్తు, 1050 వెడల్పు, 40 మందం ఉన్న గట్టి టేకు తలుపు తీసుకోండి. చెక్క ఘనపరిమాణం 0.088 ఘనపు మీటర్లు. బాగా ఎండిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది కాబట్టి చెక్క బరువే 57 కిలోలు. తాళం, హ్యాండిల్, గడియలు కలిపితే 60. చెక్కడాలు ఎక్కువుండి మందం పెరిగితే ఇంకా పెరుగుతుంది. ఈ 60 కిలోల తలుపుతోనే లెక్క చూద్దాం.

ఈ తలుపు బందుల మీద రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి, నిలువుగా కిందికి దిగే బరువు. రెండోది, చాలామంది లెక్కలో వేసుకోనిది: తలుపు బరువంతా బందుల అంచుకు అర మీటరు అవతల ఉంటుంది. దాంతో తలుపు పైభాగం ద్వారబంధం నుంచి ఊడి బయటికి రావాలని చూస్తుంది, కింది భాగం ద్వారబంధంలోకి నొక్కుకుంటుంది. ఈ లాగుడు ఎంతో తేలిగ్గా కట్టవచ్చు. తలుపు బరువును సగం వెడల్పుతో గుణించి, పై బందుకూ కింది బందుకూ మధ్య దూరంతో భాగించాలి. ఆ దూరం 1.6 మీటర్లు అనుకుంటే, 60 × 0.525 ÷ 1.6, అంటే దాదాపు 20 కిలోలు. తలుపు ఊరికే నిలబడి ఉన్నా సరే, పై బందు స్క్రూలను ఈ 20 కిలోలు పగలూ రాత్రీ లాగుతూనే ఉంటాయి.

ఇప్పుడు గుణకారం సంగతి. బందుకు 40 చొప్పున నాలుగింటికి 160 కావాలంటే నాలుగూ సమానంగా మోయాలి. నిలువు బరువు విషయంలోనే అది అరుదు. బందు కూర్చోబెట్టే గాడి ఒకచోట అర మిల్లీమీటరు పైకో కిందికో పడితే, ముందుగా ఆనిన బందు మీదే బరువు దాదాపు అంతా పడుతుంది, మిగిలినవి పక్కన ఊరికే తిరుగుతుంటాయి. అవి కూడా అరిగి సర్దుకున్నాకే వాటి వంతు వస్తుంది.

లాగుడు దగ్గరైతే ఈ గుణకారానికి అర్థమే లేదు. సమాన దూరాల్లో 4 బందులు వేస్తే, తలుపు వంగదనీ బందులన్నీ ఒకే గట్టితనంతో ఉన్నాయనీ అనుకుని లెక్కిస్తే, పై బందు మీది లాగుడు 20 నుంచి 18 కిలోలకు దిగుతుంది. రెండు బందులు అదనంగా కొని తగ్గించుకున్నది పదో వంతు! మధ్యలో ఉన్న బందులకు ఈ లాగుడుతో పెద్దగా పనిలేదు మరి. అదే 3 బందులు తీసుకుని, మూడోదాన్ని నడుమ కాకుండా పై బందుకు 300 మి.మీ. కింద పెట్టండి. పై బందు మీది లాగుడు 14 కిలోల లోపుకి వస్తుంది. అంటే సరైన చోట పెట్టిన మూడు, సమానంగా పంచిన నాలుగు కన్నా మేలు. నడిమి బందుకు వేరే ప్రయోజనం ఉంది: ఎండకీ వానకీ చెక్క విల్లులా వంగకుండా పట్టి ఉంచుతుంది. అందుకని నాలుగు వేసేవాళ్లు పైన రెండు, నడుమ ఒకటి, కింద ఒకటి వేస్తే రెండు పనులూ జరుగుతాయి.

డబ్బా మీద రాసిన కిలోల అంకెను కూడా కాస్త అనుమానంగానే చదవాలి. అది ఒక్క బందుకా, జతకా, మూడింటికా? ఎంత వెడల్పు తలుపుకి? ఈ రెండూ రాయని అంకెతో లెక్క కట్టలేం. యూరప్ ప్రమాణం EN 1935లో గ్రేడ్ అంకె తలుపు మొత్తం బరువును చెబుతుంది. గ్రేడ్ 13 అంటే 120 కిలోల వరకు తలుపు, 2 లక్షల సార్లు తెరిచి మూసిన పరీక్ష. రోజుకు 30 సార్లు తెరిచే ఇంటి తలుపుకు 2 లక్షలంటే 18 ఏళ్లు. మూడు బందులున్నాయి కదా అని ఆ 120ని మూడుతో గుణించేవాళ్లూ ఉన్నారు.

ఇక అసలు మాట, బేరింగ్ ఏం చేస్తుంది? బందు గొట్టంలో ఒక కణుపు మీద ఇంకో కణుపు కూర్చుని తిరుగుతుంది. తలుపు నిలువు బరువు ఆ అంచుల మీదే దిగుతుంది. ప్లెయిన్ బందులో లోహం మీద లోహం రాసుకుంటుంది. బాల్ బేరింగ్ బందులో ఆ అంచుల మధ్య ఉక్కు గుండ్ల చక్రం ఉంటుంది కాబట్టి రాపిడి పోయి దొర్లుడు వస్తుంది. తలుపు తేలిగ్గా తిరుగుతుంది, కణుపులు అరగవు, కిర్రుమనదు. దాని ఉపయోగం అంతవరకే, అది చిన్నదని నేననను. కానీ పై బందును బయటికి లాగే 20 కిలోలు ఆ గుండ్ల మీదికి రావు. అవి పిన్ను మీద, చెక్కకు బిగించే రేకు మీద, స్క్రూల మీద పడతాయి. రేకు పలచనైతే బేరింగ్ ఉన్నా వంగుతుంది. అమెరికాలో 4½ అంగుళాల బందుల్లో మామూలు రకం రేకు 3.4 మి.మీ., హెవీ రకం 4.6 మి.మీ. ఉంటుంది. రెండింటిలోనూ బాల్ బేరింగ్ దొరుకుతుంది. వాటిలో ఒకదాన్ని హెవీ అంటున్నది రేకు మందాన్ని చూసే. మన 60 కిలోల తలుపుకు 3 మి.మీ. కన్నా పలచని రేకు వద్దనే చెబుతాను, బేరింగ్ ఎన్ని ఉన్నా.

రేకు తరువాత స్క్రూలు. నేను చూసినంతలో బరువు తలుపుల గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. బందుతో పాటు వచ్చే పొట్టి స్క్రూలు పక్కన పెట్టి, రంధ్రానికి సరిపడే 10 నంబరు స్క్రూలు 50 మి.మీ. పొడవువి తెచ్చుకోండి. గట్టి చెక్కలో ముందుగా 3.2 నుంచి 3.5 మి.మీ. డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయాలి. స్క్రూను సుత్తితో ముప్పాతిక వంతు దిగ్గొట్టి, చివర్లో రెండు తిప్పులు తిప్పే అలవాటు ఒకటుంది. పైకి చూస్తే బిగిసినట్టే ఉంటుంది. లోపల మరలు పట్టుకోవాల్సిన చెక్క నారంతా చితికిపోయి ఉంటుంది. తలుపు ఎక్కించే రోజు దగ్గరుండి చూడాల్సింది ఇదొక్కటే అయినా నష్టం లేదు. ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్క్రూలు గట్టి చెక్కలో మెడ దగ్గర విరుగుతాయి. ముందు అదే కొలత మామూలు ఉక్కు స్క్రూతో దారి చేసి, తీసేసి, తరువాత వాటిని బిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు.

సైజు ఎంతైనా ఒకటే అన్నదానికి వద్దాం. బందు పొడవు పెరిగితే స్క్రూలు ఎక్కువ, వాటి మధ్య దూరం ఎక్కువ. 900 మి.మీ. వెడల్పు దాటిన తలుపుకు 5 అంగుళాలు వేయడం అందుకే. కానీ జనం అసలే చూడనిది బందు విప్పినప్పటి వెడల్పు. మన తలుపు మందం 40. గాడి అవతలి అంచున సాధారణంగా 6 మి.మీ. చెక్క వదులుతారు. అంటే రేకు 34 మి.మీ. లోపల ఉంటుంది. విప్పితే 75 మి.మీ. వెడల్పుండే బందు వేశామనుకోండి. సగం 37.5లోంచి 34 పోతే, పిన్ను తలుపు ముఖం కన్నా 3.5 మి.మీ. మాత్రమే బయటికి వస్తుంది. తలుపును పూర్తిగా వెనక్కి తిప్పితే ద్వారబంధానికీ దానికీ మధ్య ఎడం 7 మి.మీ. ద్వారబంధం చుట్టూ 20 మి.మీ. మందం అలంకరణ పట్టీ ఉంటే తలుపు దానికి తగిలి ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎవరైనా హ్యాండిల్ పట్టి తోస్తే మీటరు పొడవున్న తలుపు గడ్డపారలా పనిచేసి స్క్రూలను పెళ్లగిస్తుంది. ఏ బేరింగూ దీన్ని ఆపలేదు. అదే 100 మి.మీ. వెడల్పు బందుతో ఎడం 32 మి.మీ. అవుతుంది, పట్టీని దాటి తలుపు హాయిగా తిరుగుతుంది. కాబట్టి ఈ తలుపుకు నేను అడిగేది 5 × 4 అంగుళాలు, 3 మి.మీ. పైన మందం.

చివరగా ప్లెయిన్ బందుల మీద వేసిన నింద. తలుపు కుంగిందంటే ఎలా కుంగిందో చూడాలి. తలుపు మూసి పై సందును గమనించండి. సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మేర పెరిగి ఉంటే కణుపులు అరిగాయి, పిన్ను దగ్గర నల్లటి పొడి కూడా కనిపిస్తుంది. ఇది ప్లెయిన్ బందుల లోపమే, బేరింగ్ ఉంటే జరిగేది కాదు. సందు బందుల వైపు మామూలుగా ఉండి తాళం వైపు వెడల్పై ఉంటే పైభాగం బయటికి వచ్చిందన్నమాట. పై బందు 3 మి.మీ. ఊడితే తాళం వైపు మూల దాదాపు 2 మి.మీ. దిగుతుంది, నాలుక గూటికి అందదు. ఇంకా తేల్చుకోవాలంటే తలుపు సగం తెరిచి, హ్యాండిల్ వైపు అంచును పైకి ఎత్తుతూ ఇంకొకరిని పై బందు చూడమనండి. రేకు చెక్క నుంచి కదిలితే స్క్రూలు. కణుపులు కదిలితే బందు. రేకు, ద్వారబంధం కలిసి కదిలితే గోడలో పట్టు సడలింది. ఏదీ కదలకుండా తలుపు మూల అతుకు తెరుచుకుంటే తప్పు తలుపు చేసినప్పటిదే.

రోజుకు కొన్నిసార్లే తెరిచే 60 కిలోల తలుపును మందపాటి రేకు, కణుపుల మధ్య వాషర్లు, అప్పుడప్పుడు పిన్నుకు కాస్త గ్రీజు ఉన్న ప్లెయిన్ బందులు ఏళ్ల తరబడి మోస్తాయి. 80 కిలోలు దాటినా, రాకపోకలు ఎక్కువైనా, పైన డోర్ క్లోజర్ బిగించినా బేరింగ్ తప్పదు. క్లోజర్ ఉన్న తలుపుకు ప్లెయిన్ బందు రాపిడి తలుపును పూర్తిగా మూసుకోనివ్వదు. బేరింగ్ కొనేటప్పుడు కణుపుల మధ్య చక్రం విడిగా తిరుగుతోందో లేదో వేలితో చూడండి, బేరింగ్‌లా కనిపించేలా గీతలు గీసిన గొట్టాలు కూడా అమ్ముతున్నారు. వాన తగిలే చోటైతే లోపలి గుండ్లు కూడా స్టెయిన్‌లెస్సేనా అని అడగాలి. ఇంకొకటి, ప్లెయిన్ బందు రాపిడి వల్ల తెలియని ద్వారబంధం వంపు బేరింగ్ వేయగానే బయటపడుతుంది, వదిలిన చోట తలుపు నిలవదు. అప్పుడు బందులు మార్చకుండా ముందు తూకం గుండు వేలాడదీసి ద్వారబంధం నిటారుగా ఉందో లేదో చూడండి.