మాయ కిందికి ఉందంటే మంచం ఎక్కాల్సిందేనా?

మా పిన్ని కూతురికి ఐదో నెలలో టిఫా స్కాన్ తీశారు. మాయ వెనక గోడకు ఉందని, దాని అంచు గర్భసంచి ముఖద్వారానికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉందని రిపోర్టులో రాశారు. ఆ సాయంత్రమే పిల్లని మంచం ఎక్కించి, కాళ్ల వైపు రెండు ఇటుకలు పెట్టారు. పన్నెండు వారాలు అదే కాపురం.

మాయ అంచు ద్వారానికి 20 మిల్లీమీటర్ల లోపు ఉంటే లో లైయింగ్ అంటారు. ద్వారం మీదికే వచ్చేస్తే అది ప్లసెంటా ప్రీవియా. ఇళ్లలో రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఐదో నెలలో కిందికి కనబడిన మాయ పదిమందిలో తొమ్మిదిమందికి కాన్పు నాటికి ద్వారానికి దూరమవుతుంది. మాయ నడిచి వెళ్లదు. నెలలు నిండే కొద్దీ గర్భసంచి కింది భాగం సాగుతుంది కాబట్టి ఆ ఎడం పెరుగుతుంది. 32వ వారం స్కాన్‌లో మా పిల్లకు 31 మిల్లీమీటర్లు వచ్చింది. ఇంట్లో పేరు మాత్రం ఇటుకలకే దక్కింది.

పూర్తిగా పడుకోబెడితే రక్తస్రావం ఆగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మాయ నిజంగా ద్వారాన్ని కప్పి ఉంటే, ముఖ్యంగా ఒకసారి రక్తం కనబడితే, బరువులెత్తడం, కలయిక, దూర ప్రయాణాలు మానమంటారు. వీటికీ పెద్ద రుజువులు లేవు గానీ, ఆ జాగ్రత్త సబబే. ఇంట్లో మామూలుగా నడవొచ్చు.

32వ వారంలో కింది నుంచి చేసే టీవీఎస్ స్కాన్ అంటే చాలామందికి భయం. ప్రోబ్ ముఖద్వారంలోకి వెళ్లదు. పొట్ట మీద చేసే స్కాన్ కంటే కొలత కచ్చితంగా తెలుస్తుంది. ప్రమాదం వేలు పెట్టి పరీక్షించడంలోనే. ప్రీవియా రక్తస్రావం చాలాసార్లు నొప్పి లేకుండా, ఎర్రగా వస్తుంది, తనంతట తనే ఆగిపోతుంది కూడా. చిక్కంతా అక్కడే. ఆగిందని తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. డ్యూటీ డాక్టరుతో మొదటి మాటగా "మాయ కిందికి ఉంది, స్కాన్ చూడకుండా లోపల పరీక్ష చేయొద్దండి" అని చెప్పాలి. నెగెటివ్ గ్రూపు వాళ్లకు యాంటీ డి ఇంజెక్షన్ అవసరమేమో అప్పుడే అడగాలి.

నన్నడిగితే, అసలు భయపడాల్సింది పాత సిజేరియన్ ఉన్నవాళ్ల గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. రెండో కాన్పులో మాయ ముందు గోడకు, పాత కుట్టు మీద, కిందికి ఉంటే అది కండరంలోకి పాతుకుపోయి ఉండొచ్చు. దాన్ని యాక్రీటా అంటారు. ఆపరేషన్‌లో అది ఊడిరాదు, రక్తం ఆగదు, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. ఇబ్బంది లేని ప్రీవియాకు 36, 37 వారాల్లో సిజేరియన్ చేస్తారు, యాక్రీటాకు ఇంకా ముందే చేస్తారు. అందుకే ఇలాంటి వాళ్ల ఇంటివాళ్లు ఆసుపత్రిని ముందే అడిగి పెట్టుకోవాలి: రాత్రి రెండింటికి వస్తే మా గ్రూపు రక్తం దొరుకుతుందా, మత్తు డాక్టరు ఉంటారా?