సమోసా చట్నీ, జీఎస్టీ 2బీ

జాబ్ మేళా జరిగిన రోజు రాత్రి ఈ దేశానికి ఎంత నష్టం వాటిల్లుతోందో ఎవరికీ పట్టడం లేదు. పొద్దుటి నుంచి రెజ్యూమేల కట్ట పట్టుకుని లైన్లో నిలబడ్డ కుర్రాళ్లంతా ఇంటికొచ్చి, స్నానం చేసి, ఒకే మెయిల్ కొడతారు: "సార్, ఈరోజు మిమ్మల్ని కలవడం చాలా సంతోషం." ఆ రోజు రిక్రూటర్‌ని కలిసి సంతోషపడ్డవాళ్లు వందల్లో ఉంటారు. అందులో మనవాడెవడో ఆయనకెలా తెలియాలి?

అందుకే మా తమ్ముడికి ముందే చెప్పాను, మాట్లాడిన దాంట్లోంచి ఒక్క వివరం పట్టుకుని రాయరా అని. వాడు తు.చ. తప్పకుండా పాటించాడు. "సార్, సమోసా తింటుంటే మీ చొక్కా జేబు మీద చట్నీ పడింది కదా, టిష్యూ ఇచ్చింది నేనే."

వివరం అన్నాను గానీ ఏ వివరమో చెప్పలేదు, తప్పు నాదే. కూర్చోబెట్టి, ఉద్యోగం గురించి ఏమన్నాడురా అని తవ్వితే అరగంటకి బయటపడింది. "14న 2బీ వస్తుంది, 20 లోపు 3బీ వేయాలి, ఆ వారం మా అకౌంట్స్ వాళ్లకి ఇంటి మొహం తెలీదు" అన్నాడట. 2బీ అంటే మనకి సరుకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జీఎస్టీ జాబితా, 3బీ అంటే ఆ బిల్లుల్లో కట్టేసిన ట్యాక్స్ తగ్గించుకుని మిగతాది కట్టే నెలవారీ రిటర్న్. ఓరి నీ! వీడు రెండేళ్లుగా మా బాబాయి ఎరువుల కొట్లో చేస్తున్నది ఆ పనే. సరుకు అమ్మినవాడు 11 లోపు తన రిటర్న్ వేస్తేనే ఆ బిల్లు మన 2బీలో కనబడుతుంది, వేయకపోతే ఆ ట్యాక్స్ క్రెడిట్ ఆ నెలకి గోవిందా. అందుకని వీడు 9వ తేదీ నుంచే ఫోన్ పట్టుకుని, "అన్నా, మా బిల్లు ఎక్కించావా?" అని పార్టీల ప్రాణం తీస్తాడు.

ఇంత బంగారం చేతిలో పెట్టుకుని చట్నీ గురించి రాశాడు!

రెండో మెయిల్ నేనే దగ్గరుండి రాయించాను. సబ్జెక్ట్‌లో వాడి పేరు, అకౌంట్స్ పోస్టు, మేళా తేదీ. మొదటి వాక్యం, 14 నుంచి 20 దాకా ఇంటి మొహం తెలీదన్న ఆయన మాటే. రెండోది, 9వ తేదీ ఫోన్ల సంగతి, దానివల్ల 2బీ వచ్చేసరికి తేలని బిల్లులు నాలుగైదే మిగులుతాయని. మూడోది, ఒక పావుగంట ఇస్తే రిజిస్టరుతో ఎలా సరిచూస్తానో చూపిస్తానని. అంతే. "మీ విలువైన సమయాన్ని" అని మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇదే మిగతా ఐదు స్టాళ్లకీ కొట్టేస్తానన్నాడు. అందులో ఒకటి మందుల మార్కెటింగ్. అక్కడ ఏమన్నారో గుర్తుందా అంటే నోరెళ్లబెట్టాడు. స్టాల్ దాటగానే పాంప్లెట్ వెనక నాలుగు ముక్కలు రాసుకోవాలని ఈ జాతికి ఎవరు నేర్పాలి?

మెయిల్ 13న వెళ్లింది. ఆయన చెప్పినట్టే 20 దాకా చప్పుడు లేదు. 21 పొద్దున జవాబొచ్చింది.

"సోమవారం పదింటికి రండి. చట్నీ మరక ఇంకా పోలేదు."