రేయాన్‌ను పాలియెస్టర్ పక్కన ఎందుకు రాస్తారు?

హోమ్ సైన్స్ మొదటి ఏడాది పిల్లలకు పంచే నోట్సు కాగితాలు చాలావరకు రెండు గడులతోనే సరిపెడతాయి. సహజ దారాల కింద పత్తి, జనపనార, పట్టు, ఉన్ని. కృత్రిమ దారాల కింద నైలాన్, పాలియెస్టర్, వాటి మధ్య రేయాన్. దాన్ని అక్కడ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

పిల్లల చేత అడిగించాల్సిన ప్రశ్నలు రెండే. పదార్థాన్ని ఎవరు తయారు చేశారు? దారంగా ఎవరు తీశారు? పత్తికి రెండూ మొక్కే చేసిపెట్టింది. పాలియెస్టర్‌కు రెండూ ఫ్యాక్టరీ చేసింది, ముడిసరుకు పెట్రోలియం నుంచి వచ్చింది. రేయాన్‌లో సెల్యులోజ్ చెట్టుది, దారం తీసింది మాత్రం ఫ్యాక్టరీ. అందుకే దానికి పునరుత్పాదిత దారాలు అనే మూడో గడి కావాలి.

కలప గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్‌తో కలిపితే నారింజ రంగు పదార్థం వస్తుంది. దాన్ని మళ్లీ పలుచని కాస్టిక్ సోడాలో కరిగిస్తే తేనెలాంటి చిక్కటి ద్రవం అవుతుంది. సన్నని రంధ్రాల గుండా దాన్ని ఆమ్లపు తొట్టిలోకి నెట్టగానే సెల్యులోజ్ మళ్లీ గట్టిపడి పోగవుతుంది. రేయాన్ తీసే ఈ విస్కోస్ పద్ధతికి బ్రిటన్‌లో 1892లో పేటెంట్ తీసుకున్నారు. ఆ గుజ్జు మన ములుగు జిల్లా కమలాపురం ఫ్యాక్టరీలోనూ తయారైంది. 'వెదురు బట్ట' అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇలా తీసిన విస్కోస్ రేయానే.

గడి తప్పితే ప్రాక్టికల్‌లో దొరికిపోతాం. రేయాన్‌తో నేసిన ఆర్ట్ సిల్క్ చీర అంచు నుంచి ఒక పోగు లాగి, పటకారుతో పట్టుకుని, ఇనుప పళ్లెం మీద కాల్చండి. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అయ్యే నల్లటి ఉండ మిగులుతుంది. పాలియెస్టర్ అయితే ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక ఉండ గోటితో నొక్కినా నలగదు. మన పోగు ఈ రెండూ చేయలేదు. కాగితం కాలిన వాసన వచ్చింది, మెత్తటి బూడిద మిగిలింది. రెండు గడుల నోట్సు చదివిన పిల్ల దాన్ని పత్తి అని రాస్తుంది. పాపం, తప్పు ఆమెది కాదు. రెండూ సెల్యులోజే కాబట్టి మంటకు తేడా తెలియదు.

తేడా నీళ్లు చెబుతాయి. మరో పోగును మధ్యలో మాత్రమే తడిపి రెండు చివర్లూ పట్టి లాగండి. విస్కోస్ తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి తడిచోటే తెగుతుంది. పత్తి తడిస్తే ఇంకాస్త గట్టిపడుతుంది, పొడిచోట తెగుతుంది. రేయాన్ చీరను తడిగా ఉన్నప్పుడు మెలితిప్పి పిండవద్దనేది ఇందుకే. నోట్సులో ఈ జాగ్రత్త ఉంటుంది, కారణం ఉండదు!

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. లయోసెల్ కూడా పునరుత్పాదితమే అయినా తడిలో బలం అంతగా కోల్పోదు. పాలియెస్టర్, పత్తి కలిపి వడికిన పోగు కాగితంలా కాలుతూనే గట్టి ఉండను మిగులుస్తుంది. పడుగు ఒక రకం, పేక మరో రకం కావచ్చు కాబట్టి ఆ రెండు పోగులూ విడివిడిగా తీసి పరీక్షించాలని కూడా నోట్సులో రాయండి.