ఇదేం వ్యాపారమండి బాబూ!

పాలకొల్లు వైపు ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల డీలరు తన ఫొటో కింద పెట్టిన క్యాప్షన్ మీద నా తీవ్ర అభ్యంతరం తెలియజేస్తున్నాను. ఆయన రాసింది ఇదీ:

"పాత బండి తెండి. ఆర్‌సీ మీ పేరునే ఉండాలి, ఫైనాన్స్ తీరకపోతే ముందు తీర్చి ఎన్‌ఓసీ తేవాలి. ధర బండి చూశాకే చెబుతాం. సబ్సిడీ అన్ని మోడళ్లకీ ఉండదు, బిల్లు రోజున ఉన్న రూల్సే లెక్క. టెస్ట్ రైడ్‌కి ముందు రోజు ఫోన్ చేయండి, లైసెన్సు తెచ్చుకోండి. నడిపితే కొనాలనేం లేదు."

చదివారా? "పాత బండికి 30,000 వరకు" అని లేదు. మూల చిన్న అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని లేదు. షరతుల్నే పెద్దక్షరాల్లో వేసేస్తే, ఇక భూతద్దాలు అమ్ముకునేవాడు ఏమైపోవాలండీ?

సబ్సిడీ దగ్గరైతే మరీ అన్యాయం. 2025-26లో పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కేంద్రం బ్యాటరీ కిలోవాట్ అవర్‌కి 2,500 చొప్పున ఇచ్చింది. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే మా బాబాయి వేళ్ల మీద 7,500 లెక్కేసి ఎంతో మురిసిపోయాడు. కానీ బండికి 5,000 మించకూడదన్న గీత ఒకటుండేది. ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటిన బండికి అదీ ఉండేది కాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేని, గంటకి 25 కిలోమీటర్లు దాటని చిన్న బండికీ ఉండేది కాదు. ఆధార్ మీద వోచర్ తీసేవారు కాబట్టి ఇంట్లో నాలుగు బండ్లూ ఒకరి పేరునే కొందామంటే కుదిరేది కాదు.

ఇంతకీ మామూలు డీలర్ల అసలు కళ ఎక్కడుందంటే, షోరూమ్ ధరలో సబ్సిడీ ముందే తగ్గించేసి ఉంటుంది. దాన్నే మళ్లీ ఫ్లెక్సీ మీద "అదనంగా" అని వేస్తారు. ఒకే 5,000 రెండుసార్లు కనబడుతుంది, మీ జేబులోకి మాత్రం ఒక్కసారే వస్తుంది. ఈయన ఆ ముచ్చట కూడా లేకుండా, బిల్లులో సబ్సిడీకి ముందు ధర, తగ్గించింది, మిగిలింది విడివిడిగా చూపిస్తాడట. పాత బండి విలువ ఒక గడిలో, ఎక్స్ఛేంజ్ బోనస్ ఇంకో గడిలో. రెండూ కలిపేసి ఒక పెద్ద అంకె చెబితే వినడానికి ఎంత హాయిగా ఉండేది!

అన్నిటికన్నా దారుణం "నడిపితే కొనాలనేం లేదు" అన్న ఆ చివరి మాట. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "మీకు కాకపోతే ఎవరికిస్తామండీ" అంటే లేచి రాలేని మొహమాటస్తులం మేము. ఆ మొహమాటం మీదే కదా ఈ జిల్లాల్లో సగం షోరూములు నడిచేది! పైగా రోడ్డు మీద ఒక్కళ్లే నడిపితే తెలీదు, ఇంట్లో మనిషిని వెనకాల కూర్చోబెట్టుకుని ఏటిగట్టు ఎక్కించి చూడండి అంటాడు. మా బాబాయి బరువు ఆయనకేం తెలుసు!