సవరణ: స్క్రీన్‌షాట్‌లో రిఫరెన్స్ నంబర్ ఉంటే సరిపోదు

"కస్టమర్ చూపించే స్క్రీన్‌పై పచ్చ టిక్కు, రిఫరెన్స్ నంబర్ రెండూ ఉంటే డబ్బు వచ్చినట్టే." నిన్నటి పోస్టులో ఇలా రాశాను, అది తప్పు.

నకిలీ పేమెంట్ యాప్‌లలో పేరు, మొత్తం టైప్ చేస్తే చాలు, టిక్కు, నంబర్, టింగుమనే శబ్దంతో సహా అచ్చం అలాంటి స్క్రీనే వస్తుంది. బ్యాంకులు వ్యాపారులకు చెప్పేది కూడా ఇదే: అవతలివాళ్ల ఫోన్ కాదు, మీ ఖాతాలో జమ అయిందా లేదా చూసుకోండి.

ఉదాహరణకు, కస్టమర్ స్క్రీన్‌పై టైము 7:42 అని ఉంది. మీ ఫోన్‌లో మీ యాప్ తెరిచి, లావాదేవీల జాబితాను ఒకసారి రిఫ్రెష్ చేయండి. పైన ఉన్న చివరి జమ 7:15ది అయితే, ఆ డబ్బు మీకింకా రాలేదు. 7:42 జమ కనిపిస్తే మొత్తం, రిఫరెన్స్ నంబర్ కూడా కలవాలి. పాత పేమెంట్ స్క్రీన్‌షాట్‌కి తేదీ మార్చి చూపించేవాళ్లూ ఉన్నారు మరి.

ఎస్సెమ్మెస్ విషయంలోనూ జాగ్రత్త. మామూలు మొబైల్ నంబర్ నుంచి "మీ ఖాతాలో జమ అయింది" అని వస్తే నమ్మకండి. బ్యాంకు పేరుతో వచ్చినా ఖాతాలో చూశాకే నమ్మాలి. అసలు మెసేజ్ ఒక్కోసారి ఆలస్యమవుతుంది కూడా, కాబట్టి అది రానంత మాత్రాన కస్టమర్‌ని దొంగ అనేయకండి. పేమెంట్ 'పెండింగ్' అని ఉంటే జమ కనిపించేదాకా సరుకు కౌంటర్ మీదే ఉంచండి.